డబ్బా లోపలి బొట్టు

మొగిలి కాక అబద్ధం ఆడడు. ఆడడం చేతగాక కాదు, అంత ఓపిక లేక. ముప్పై ఏళ్లుగా నీళ్ల అడుగున పని చేసి వచ్చి పైన రెండు మాటలు చెప్తాడు, బీడీ వెలిగిస్తాడు. అలాంటి మనిషిని చొప్పదండి అవతలి రిజర్వాయర్ దగ్గర ఇంజినీరు కరుణాకర్ నమ్మలేదు. అందుకే నన్ను పిలిచారు.

తూము షట్టర్ అడుగున నీళ్లు కారకుండా రబ్బరు పట్టీ ఉంటుంది. దాన్ని బిగించిన బోల్టులు తుప్పు పట్టి మూడు ఊడిపోయాయని, మిగతావీ పోయేటట్టున్నాయని మొగిలి కాక చెప్పాడు. తుప్పు కాదు, పాచి, బురద అన్నాడు కరుణాకర్. ఆధారం తెమ్మంటే కాక ఎవరిదో యాక్షన్ కెమెరా పట్టుకుని దిగాడు. పది నిమిషాలకే అద్దం మీద ఆవిరి కమ్మింది, మిగిలిందంతా ఆకుపచ్చ మసక. అది చూసి కరుణాకర్, అడుగుదాకా దిగనే లేదేమో అన్నాడట. సోమవారం యాసంగి పంట నీళ్లకు షట్టర్ ఎత్తుతారు. ఎత్తినప్పుడు పట్టీ ఊడిందంటే మళ్లీ మూసినా ఆ షట్టర్ నీళ్లను ఆపదు. అయితే కాకకు అంతకంటే పెద్ద దెబ్బ ఆ మాటే.

నాకు కరీంనగర్‌లో స్టూడియో. పెళ్లికి ముందు జంటలను స్విమ్మింగ్ పూల్‌లో ముంచి వీడియోలు తీస్తాను, నీళ్లలో కెమెరా సంగతి నాకు తెలుసు. ఉమారాణి వస్తే పని అవుతుందని జిల్లాలో పేరుంది. ఆ పేరు నేనే ఎక్కువ చెప్పుకుంటాననేది వేరే సంగతి.

శనివారం పొద్దున ఎనిమిదింటికి కట్ట మీద ఉన్నాం. కాలువ వైపు రెండో షట్టర్ మూసి తాళం వేశారు, నీటి లాగుడు లేకుండా. మొగిలి కాక అల్లుడు గంగయ్య కాకకు గాలి పంపే యంత్రం, తాడు చూసుకుంటున్నాడు. నేను ముందు బకెట్‌లో మంచినీళ్లు పోసి, కెమెరాను పెట్టే వాటర్‌ప్రూఫ్ డబ్బాలో, కెమెరా లేకుండా, తెల్ల టిష్యూ కాగితం పెట్టి, మూసి, మీద రాయి పెట్టి ముంచాను. కరుణాకర్ గడియారం చూసుకుంటూ, ఖాళీ డబ్బాను ముంచి ఏం చూస్తారని అడిగాడు. కెమెరా మునిగాక చూసేదేం ఉండదు సార్ అన్నాను.

అరగంటకు తీశాను. టిష్యూ ఒక మూల తడిసింది. తడిసినచోట గులాబీ రంగు.

ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపమూ వచ్చింది. దసరాకు మా అవ్వ ఇంట్లో ఉన్న ప్రతి పనిముట్టుకూ బొట్టు పెడుతుంది. మిక్సీకి, స్కూటీకి, కత్తెరకు, నా కెమెరాలకు. ఫోన్ చేసి అడిగాను.

"పైన పెడితే నీళ్లల్ల పోతదని తలుపు తెరిచి లోపల అంచుకు పెట్టిన బిడ్డా," అంది అవ్వ తాపీగా. "ఏమైంది, మంచిగ నడుస్తుందా?"

మంచిగనే నడుస్తుంది అని పెట్టేశాను. నిజానికి తప్పు నాదే. దసరా తర్వాత డబ్బా తలుపు అంచున ఉండే రబ్బరు రింగు తీసి చూడలేదు. ఆ రింగు మీద వెంట్రుక పడినా, ఇసుక రేణువు పడినా నీళ్లకు దారి దొరుకుతుందని అందరికీ పాఠాలు చెప్పేదాన్ని నేను. కుంకుమ పలుకులైతే మాత్రం ఊరుకుంటాయా?

కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాను. పిన్నీసుతో రింగు తీస్తే గీత పడుతుంది, అందుకని పాత ఫోన్ కార్డు మూలతో లేపాను. మంచినీళ్లతో కడిగి వేళ్ల మధ్య నడిపిస్తే ఒకచోట చిన్న కోత తగిలింది. అది పక్కన పెట్టి కొత్త రింగు తీశాను. గాడిలో కుంకుమ అంతా కడిగి, నూలు రాలని గుడ్డతో తుడిచాను. బియ్యపు గింజంత సిలికాన్ గ్రీజు తీసుకుని రింగు మెరిసేదాకా మాత్రమే రాశాను. గ్రీజు ఎక్కువైతే దుమ్మును పిలుస్తుంది, వేజ్‌లైన్ రాస్తే రబ్బరునే చెడగొట్టవచ్చు. మెలిక లేకుండా గాడిలో కూర్చోబెట్టి మళ్లీ ఖాళీ డబ్బాను ముంచాను. ఈసారి టిష్యూ పొడిగా వచ్చింది. కరుణాకర్ గడియారం చూడడం మానేశాడు.

ఆవిరి సంగతి తేలికైనది. కట్ట మీది చెమ్మగాలిని డబ్బాలో మూసేస్తే, కెమెరా వేడికి ఆ చెమ్మ లేస్తుంది, చల్లనీళ్లు తగిలిన అద్దం మీద కూర్చుంటుంది. పోయినసారి అయింది అదే. నేను కారులోని పొడి చల్లగాలిలో కెమెరాను పెట్టి, చెమ్మ పీల్చే రెండు పట్టీలు దూర్చి అక్కడే మూశాను. దిగేదాకా ఆన్ చేయొద్దని, ఎండకు పెట్టొద్దని కాకకు చెప్పాను.

అప్పుడు కరుణాకర్ అసలు ప్రశ్న అడిగాడు.

"మేడం, రంగు మీరే కంప్యూటర్ల ఎక్కించిండ్రని పైవాళ్లంటే నేనేం చెప్పాలె?"

న్యాయమైన ప్రశ్నే. ఎనిమిది మీటర్ల లోతుకు ఎరుపు అందదు, నీళ్లు దాన్ని మధ్యలోనే మింగేస్తాయి. తుప్పూ బురదా ఒక్కలాగే నల్లగా కనిపిస్తాయి. ఎర్ర ఫిల్టర్ పెడితే పూల్‌లో పనికొస్తుందేమో, ఎరుపే లేనిచోట అది ఎక్కడినుంచి తెస్తుంది? నీళ్లలో వెలిగే దీపం తీసుకెళ్లాల్సిందే, ఫిల్టర్ పీకేయాల్సిందే. కానీ ఆయన ప్రశ్నకు జవాబు అది కాదు. నేను తడి టిష్యూ వైపు చూశాను. తెలుపు మీద కుంకుమ మరక.

తెల్ల ప్లాస్టిక్ మూత ఒకటి తీసుకుని, నా పర్సులోని ఎర్ర గోళ్ల రంగుతో నడుమ బొట్టు పెట్టాను. కరుణాకర్ చేత ఆ మూత మీద చెరగని పెన్నుతో సంతకం చేయించాను. మూత తెల్లగా, బొట్టు ఎర్రగా వస్తే పక్కనున్న రంగు కూడా నేను ఎక్కించింది కాదని తేలుతుంది. బోల్టు పక్కన మూత పెట్టి తీయాలని, ముందు దీపం లేకుండా, తర్వాత దీపాన్ని పక్కనుంచి పట్టి జానెడు దూరం నుంచి తీయాలని కాకకు చెప్పాను. ఎదురుగా పట్టుకుంటే బురద రేణువులే మెరుస్తాయి. కాక తలూపి దిగాడు.

ఇరవై నిమిషాలు తాడునే చూస్తూ నిలబడ్డాను. నాకు భయం వేసింది, దాచడం దేనికి. కెమెరా పోతే ఇంకోటి వస్తుంది. కాక మాట ఇవాళ కూడా మునిగితే మళ్లీ తేలదు.

పైకి వచ్చాక డబ్బాను మంచినీళ్లలో కడిగి, పూర్తిగా తుడిచాకే తెరిచాను. లోపల చుక్క నీరు లేదు. కారులో లాప్‌టాప్ పెట్టాను. మొదటి ముక్కలో అంతా ఆకుపచ్చ, మూత మీది బొట్టు కాటుక చుక్కలా ఉంది, బోల్టులూ నల్లగానే ఉన్నాయి. బురదే కదా అన్నట్టు కరుణాకర్ నా ముఖం చూశాడు. రెండో ముక్కలో దీపం వెలిగింది. మూత తెల్లబడేదాకా రంగు సరిచేసి చెయ్యి తీసేశాను. బొట్టు ఎర్రగా వచ్చింది. దాని పక్కనే మూడు ఖాళీ రంధ్రాలు, వాటి చుట్టూ ఇటుకపొడి రంగులో తుప్పు. కాక వేలు ఆనించగానే నాలుగో బోల్టు తల పెచ్చుగా రాలిపడింది.

కరుణాకర్ తన సంతకాన్ని, బొట్టును, తుప్పును ఒకే తెర మీద చాలాసేపు చూశాడు. సోమవారం షట్టర్ ఎత్తొద్దని ఫోన్‌లో చెప్పాడు. తర్వాత కారు దిగి, తల తుడుచుకుంటున్న కాక దగ్గరికి నడిచాడు.

"మొగిలీ, ఎడమ దిక్కు ఎట్లున్నది?"

ఎడమ వైపు మేం తీయలేదు. కెమెరా తీసుకుని మళ్లీ దిగాలేమోనని నేను బ్యాగు అందుకున్నాను.

"రెండు ఊగుతున్నయ్ సార్," అన్నాడు కాక.

కరుణాకర్ జేబులోంచి పుస్తకం తీసి రెండు అని రాసుకున్నాడు. వీడియో అడగలేదు. కాక బీడీ వెలిగించుకున్నాడు.