నోరు కట్టుకోలేని మనిషి

మా ఆవిడ చిప్స్ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం చేస్తుంది. ఉప్పెంత, నూనెంత, ఉందని తెలియకుండా తగిలే చక్కెరెంత అని పదకొండేళ్లుగా తేలుస్తోంది. నేను దర్జీని. చిప్స్ తినడం నా ఉద్యోగం కాకపోయినా ఒక్కరోజు సెలవు పెట్టలేదు.

బీపీ తగ్గకపోతే రెండో మాత్ర రాస్తానన్నాడు డాక్టరు. అప్పటినుంచి ఇంట్లో నా పేరు 'నోరు కట్టుకోలేని మనిషి'. మా అమ్మాయి ముందూ అదే పిలుపు. పైకి నవ్వేవాణ్ణి గానీ, లోపల తల కొట్టేసినట్టుండేది.

"నేను రోజూ యాభై రకాలు నోట్లో పెట్టుకుంటాను. ఎప్పుడైనా ఆగలేకపోయానా?" అంది మా ఆవిడ ఒక ఆదివారం మధ్యాహ్నం.

"అయితే పరీక్ష పెట్టు," అన్నాను రోషం ఆగక. "నెగ్గితే ఆ పేరు మానెయ్యాలి."

"ఓడితే నెల్లాళ్లు చప్పిడి కూర. నోరెత్తకూడదు."

ఆఫీసులో చేసినట్టే నూటయాభై గ్రాముల చిప్స్ తూచి గిన్నెలో పోసింది. గంటలో ఇరవై గ్రాములకు మించి తరగకూడదు. గిన్నె మా మధ్య పెట్టి పక్కనే కూర్చుంది. నేను ఒక చొక్కా అంచు కుట్టడం మొదలుపెట్టాను. రెండు చేతులూ దానికే సరిపోయాయి.

"ఒక్కో రుచీ విడిగా ఉంటే ఇంత లాగదండీ," అంటూ ఒక ముక్క నోట్లో వేసుకుంది. "ఉప్పు, కొవ్వు, తీపి సరైన పాళ్లలో కలిస్తేనే 'బాగుంది, మళ్లీ కావాలి' అని మెదడు తొందరపెడుతుంది. చివరికి ప్యాకెట్ చప్పుడు విన్నా చాలు, ఆశ మొదలవుతుంది." ఇంకోటి. "పైగా ఇది కరకరమని ఇట్టే కరిగిపోతుంది. నిండిందని కడుపు కబురు పంపేలోపే సగం లోపలికెళ్లిపోతుంది."

నేను ఊఁ కొడుతూ కుట్టాను. నోరూరింది. నిజం చెప్పాలంటే చచ్చేంత నోరూరింది.

గంటయ్యాక మా అమ్మాయి గిన్నెలోవి తూచింది. "నలభై ఒక్క గ్రాములే మిగిలాయి! నాన్నా!"

"నేను ముట్టుకోలేదే!"

మా ఆవిడ తన వేళ్లు చూసుకుంది. మసాలాతో ఎర్రగా ఉన్నాయి.

"ఆఫీసులో నమిలి ఉమ్మేస్తాం," అంది మెల్లగా. "నోరు కడుక్కుని ఇంకో రకం. ఒక్కటీ మింగను. అదేదో నా గొప్ప అనుకున్నాను."

గెలిచాను కదా, ఎగతాళి చేద్దామని నోరు తెరిచాను. ఈలోగా నా చెయ్యి సూది వదిలి గిన్నెలోకి పోయింది. ఆవిడ చూసింది. ఈసారి తిట్టలేదు.

"ఆగకుండా తినాలనే చేస్తామండీ దీన్ని. అన్నీ తెలిసి మిమ్మల్ని అన్నాను."

ఆ మాటకి నాకు కళ్లు చెమర్చాయి. కానీ చెయ్యి మాత్రం బయటికి రాలేదు. ఆవిడ చెయ్యీ అక్కడే ఉంది. ఆఖరికి మా అమ్మాయే ఇద్దరి చేతులూ తీసి, గిన్నె పట్టుకెళ్లి చెత్తబుట్టలో బోర్లించింది.