మెట్ల మలుపు

నిండు బిందెతో పైకి వచ్చేవాళ్ళకు ఖాళీ చేతులతో కిందికి దిగేవాళ్ళు దారి ఇవ్వాలి. రమణయ్యగారి మేడలో ఎవరూ ఎవరికీ చెప్పని నియమం అది. మెట్లు ఇరుకు, మనిషి పక్కన మనిషి పట్టరు. సగంలో ఒక మలుపు ఉంది. ఆ మలుపులో గోడకు వీపు ఆనించి నిలబడితే బిందె మోసేవాళ్ళు మోచెయ్యి తగలకుండా దాటిపోతారు. దాటేటప్పుడు ఒక నవ్వు. మోసేవాళ్ళకు తల ఊపడం కుదరదు గనక కనురెప్పలు దించితే చాలు.

ఈ నవ్వుల్లో రకాలున్నాయని ఎలిశబెతు కాపురానికి వచ్చిన కొత్తలోనే కనిపెట్టింది. పెదవులు విడకుండా నవ్వితే, నిన్న నీ గదిలోంచి వినపడిన గొడవ నేను వినలేదని అర్థం. పళ్ళు కనిపిస్తే చక్కెరో కాఫీ పొడో అప్పు కావాలని. నవ్వి ఒక్క క్షణం ఆగితే, అడుగు, చెబుతానని. ఎవరూ ఆగేవారు కారు. అందరూ ఒకే కుళాయి నీళ్ళు మోసుకునే చోట ఒకరి సంగతి ఒకరు అడగడం మొదలుపెడితే మర్నాడు మొహాలు చూసుకోలేరు. ఆ నవ్వు చుట్టరికం కాదు. నువ్వు ఇక్కడున్నావని నాకు తెలుసు, అంతకుమించి నిన్నేమీ అడగనని ఒప్పుకోవడం. పైకి చూస్తే చాలా చిన్నది. కానీ అది దక్కని రోజు మనిషి తనని తాను తడుముకుని చూసుకోవలసి వస్తుంది.

ఆ నవ్వు నవ్వడంలో ఆ మేడ మొత్తానికి పేరు తెచ్చుకున్నవాడు ఆమె భర్త జకరయ్య.

"మీ ఆయన ఎంత మర్యాదస్తుడు ఎలిశబెతమ్మా" అనేది పక్క వాటా ఆదిశేషమ్మ. "మొన్న నేను బిందెతో వస్తా ఉంటే గొడుగు మూసి, గోడకు అతుక్కుపోయి నిలబడినాడు. మా ఆయనైతేనా, బిందె నెత్తిన పడినా పక్కకు జరగడు. నువ్వు పెట్టి పుట్టినావమ్మా."

ఎలిశబెతు నవ్వి ఊరుకునేది. జకరయ్య వాటా తలుపు దాటి లోపలికి వచ్చేసరికి ఆ మొహం ఉండేది కాదు. చెప్పులు ఒక మూల, గొడుగు ఒక మూల విడిచినట్టే దాన్నీ ఎక్కడో విడిచి వచ్చేవాడు. అన్నం పెడితే తినేవాడు. నీళ్ళు తోడితే పోసుకునేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. మాట్లాడవలసి వస్తే గోడ వంక చూసి మాట్లాడేవాడు. "చొక్కా ఆరిందా." "పులుసులో ఉప్పు లేదు." పెళ్ళయిన కొత్తలో ఆమె ఏడిస్తే, ఊరినుంచి చూడవచ్చిన అత్త సామ్రాజ్యం వీపు నిమిరింది. "మావాడు చిన్నప్పట్నించీ అంతేనమ్మా. లోపల వెన్న. బయటికి చెప్పుకోవడం చేతకాదు వాడికి." ఎలిశబెతు ఆ మాట పట్టుకునే బతికింది. ఆయన నవ్వలేని మనిషి. మెట్ల మీది నవ్వు పైపై మర్యాద, ఇంట్లోని మౌనమే అసలు మనిషి. ఆ మౌనంలో తనకొక చోటుంది, అది కనపడదు, అంతే. ఇంత మాత్రం నమ్మడానికి ఆమె రోజూ తనలో తాను ఎంతో పని చేసుకోవలసి వచ్చేది. నీళ్ళు మోయడం కంటే అది కష్టం.

అందుకే ప్రార్థన గుడి దగ్గర ఏసుమణి టీచరు అడిగినప్పుడు వెంటనే ఔనని అనలేకపోయింది. "ఇందుకూరుపేటలో మన ఆడపిల్లల బడికి టీచరు కావాల. ట్రెయినింగు అయిందానివి, ఎందుకు ఇంట్లో కూర్చుంటావు? ఉండేదానికి గది ఇస్తారు. ఆదివారం లోపల చెప్పు" అన్నది ఆవిడ. ఆ రాత్రి అన్నం దగ్గర చెబితే జకరయ్య కంచంలోంచి తలెత్తలేదు. "ఇంట్లో పని ఎవరు చేస్తారు?" అన్నాడు. ఆ ప్రశ్నలో కూడా ఆమె ప్రేమను వెతికింది. తను లేకపోతే ఆ నోరులేని మనిషి ఏమైపోతాడో అనుకుంది. రానని చెప్పేద్దామని నిశ్చయించుకుంది.

శనివారం ముసురు పట్టింది. ఆదిశేషమ్మకు జ్వరం. ఎలిశబెతు వెళ్ళి పలకరిస్తే మంచంలోంచే, "ఒక్క బిందె తెచ్చిపెడతావా తల్లీ" అన్నది. ఎలిశబెతు ఆవిడ రాగి బిందె తీసుకుంది. తల తడవకుండా ఆవిడదే ఎర్రంచు తువ్వాలు కప్పుకుంది. కుళాయి దగ్గర బిందె నింపి చంకనెత్తుకుని మెట్లెక్కసాగింది. మబ్బుకు మలుపులో చీకటిగా ఉంది.

పైనించి చెప్పుల చప్పుడు. జకరయ్య. ఆమెకు ఆ అడుగులు తెలుసు.

అతను మలుపులో ఆగాడు. గొడుగు వెనక్కి పెట్టుకుని గోడకు వీపు ఆనించాడు. వంగిన ఎర్రంచు తువ్వాలునూ రాగి బిందెనూ చూసి నవ్వాడు. ఆ నవ్వు ఎలిశబెతు ఎప్పుడూ ఎదురుగా చూడలేదు. కళ్ళదాకా వెళ్ళిన నవ్వు.

"నిదానంగా రాండమ్మా. ఆ మూల మెట్టు జారతా ఉంది" అన్నాడు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే ఆమె కాలు నిజంగానే తడబడింది. "జ్వరమని విన్నానే. ఇంత బరువు మీరెందుకు ఎత్తుకున్నారు? మోసిపెట్టేదానికి ఎవరూ లేరా?"

చంకలో బిందె బరువు ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ ఒక్క బిందెది కాదు, కాపురానికి వచ్చిన నాటినుంచీ మోసిన బిందెలన్నిటిదీ. ఈ ప్రశ్న ఆయనకు తెలుసు. ఈ గొంతు ఆయనకు ఉంది. చేతకాకపోవడం కాదు.

ఆమె తలెత్తింది.

జకరయ్య మొహంలో నవ్వు దీపం వత్తి తగ్గించినట్టు తగ్గి ఆరిపోయింది. కోపం రాలేదు. సిగ్గు కూడా పడలేదు. కేవలం అవసరం తీరిపోయింది.

"నువ్వా" అన్నాడు. గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. "నాకు నీళ్ళు తోడిపెట్టి రాకూడదా ముందు?"

తను ముందు దిగాడు. నిండు బిందెతో ఎలిశబెతే గోడకు ఒదిగింది. నీళ్ళు తొణికి చీరె తడిసింది.

పైన ఆదిశేషమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది, నీళ్ళకోసం లేచి వచ్చినట్టుంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఎలిశబెతు అలవాటుగా పెదవులు విడకుండా నవ్వబోయింది. ఆదిశేషమ్మ నవ్వలేదు. కళ్ళు దించుకుని, రెండు చేతులా బిందె అందుకుంది. అన్నాళ్ళ పొరుగులో ఆవిడ నవ్వకపోవడం అదే మొదటిసారి. నేను విన్నాను, వినలేదని అనను, అని చెప్పడానికి ఆ మేడలో మరో దారి లేదు.

ఆదివారం గుడి అయ్యాక ఎలిశబెతు ఏసుమణి టీచరుతో వస్తానని చెప్పింది. ఇంటికి వచ్చి ఆ మాటే భర్తకు చెప్పింది.

"మరి నీళ్ళు?" అన్నాడు జకరయ్య, గోడవైపు చూస్తూ.

"కుళాయి కిందనే ఉందండీ" అన్నది ఆమె.

సోమవారం పొద్దున ట్రంకు పెట్టె పట్టుకుని ఆమె దిగుతూ ఉంటే, మలుపులో జకరయ్య నిండు బిందెతో ఎదురయ్యాడు. మోసే అలవాటు లేదు, పంచె అంతా తడిసింది. మొదట ఆమె భుజం మీదుగా పైకి చూశాడు, ఎవరన్నా గమనిస్తున్నారేమోనని. పైన తలుపు దగ్గర ఆదిశేషమ్మ కనబడగానే మొహాన ఆ నవ్వు తెచ్చుకోబోయాడు. ఆవిడ తలుపు మూసుకుంది.

ఎలిశబెతు పెట్టెను కాళ్ళ దగ్గరికి లాక్కుని గోడకు వీపు ఆనించింది. నిండు బిందెకు దారి ఇవ్వాలి గదా. అతను దాటుతూ ఉండగా మొహం చూసి, పెదవులు విడకుండా ఒక నవ్వు నవ్వింది. పొరుగువాళ్ళకు ఇచ్చే నవ్వు. అంతకుమించి నిన్నేమీ అడగననే నవ్వు.

"మూల మెట్టు జారతా ఉంది" అని చెప్పి, పెట్టె ఎత్తుకుని కిందికి దిగింది.