డబ్బా తప్పు

మా ఫ్రిజ్ మీద ఒక నల్ల డబ్బా ఉండేది. దాన్ని చూస్తే నాకు సవతిని చూసినట్టుండేది. మా ఆయన చైతన్య పొద్దున లేచి ముందు దాని మొహం చూసేవాడు, ఆ తర్వాతే నా మొహం. చెంచాడు పొడి, గ్లాసుడు నీళ్లు, సీసాలో పోసి గిలక్కొట్టడం. ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. పుప్పాలగూడ నుంచి గచ్చిబౌలి జిమ్ముకి, అక్కడి నుంచి ఆఫీసుకి. బ్యాగులో రెండు ప్రొటీన్ బార్లు లేకపోతే మనిషి గడప దాటడు.

నేను ధర్మవరం పిల్లని, మనసులో పెట్టుకోవడం చేతకాదు. ఆ చెంచా పొడిలో ఉన్న ప్రొటీన్ నాలుగు గుడ్లలో ఉంటుందని పోరేదాన్ని. ఆ బారు మీద చిన్న అక్షరాల్లో రాసింది చదివి వినిపించేదాన్ని. చక్కెర పాకం, పామాయిలు, దాని మీద చాక్లెట్ పూత. మన చెనక్కాయల చిక్కీకి కోటు తొడిగి, డజను గుడ్ల ధర పెట్టారు, అంతే కదా అనేదాన్ని. అతను నవ్వేవాడు. మీటింగుకీ మీటింగుకీ మధ్య గుడ్డు వలుచుకుంటూ కూర్చుంటే పక్క సీటువాళ్లు ముక్కు మూసుకుంటారని, శనివారం మా ఇంట్లో నీసు ముట్టం కాబట్టి ఆ రోజుకి డబ్బానే దిక్కని అనేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా నా కోపం తగ్గలేదు.

మామూలు రోజుల్లో అయితే ఇది మొగుడూ పెళ్లాల గొడవగానే ఉండిపోయేది. కానీ ఆ ఏడాది మావి మామూలు రోజులు కావు. చైతన్య అక్క, మా వదిన నవనీతకి రెండు కిడ్నీలూ పోయాయి. ఎందుకు పోయాయో ఎవరూ తేల్చలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికే ఆలస్యమైపోయింది. ప్రగతి నగర్‌లో ఉంటూ వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లేది. అత్తమ్మకి షుగరు, ఆమె కిడ్నీ పనికిరాదన్నారు. చైతన్యది అదే బ్లడ్ గ్రూపు. ఒక కిడ్నీ తానిస్తానన్నాడు. తనని ఎత్తుకుని పెంచిన అక్క. నేను అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పే మొహం ఎవరికుంటుంది.

పరీక్షలకు ముందు ఆదివారం వదిన మా ఇంటికి భోజనానికి వచ్చింది. చారు వద్దు, పండు వద్దు, నీళ్లు గుక్కెడే. వంటింట్లో నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఫ్రిజ్ మీది డబ్బాని చేతిలోకి తీసుకుంది. దాని మీద పెద్ద అక్షరాలతో ఉన్న మాట ఒకటి కూడబలుక్కుని చదివింది. క్రియాటిన్. ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. కానీ క్రియాటినిన్ అన్న మాట మాత్రం ఇంటి పక్కావిడ పేరులా నోట్లో నానుతూ ఉండేది. కిడ్నీలు చెడేకొద్దీ రక్తంలో పెరిగేది అదేనట, ప్రతి రిపోర్టులోనూ ముందు దాన్నే వెతుక్కునేది.

"ఒరే చైతూ," అంది, "దీన్ని నా ఒంట్లోంచి తీసేదానికి వారానికి మూడుసార్లు మిషన్ కాడ పండుకుంటాండా. నువ్వు దుడ్లిచ్చి కొనుక్కోని తాగుతాండావా?"

అది వేరు, ఇది వేరు అక్కా అని చైతన్య నవ్వాడు. వదినా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ మాట నాలో ఎక్కడో కూర్చుంది.

పరీక్షల ఫలితం వచ్చింది. చైతన్యకి క్రియాటినిన్ ఒకటిన్నర దాటింది. ముప్పై నాలుగేళ్ల మనిషికి అంత ఉండకూడదట. మూత్రంలో కొంచెం ప్రొటీన్ కూడా కనిపించింది. బీపీ కాస్త ఎక్కువ. నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. చెప్పానా, నేను చెప్పానా అనుకున్నాను. కిడ్నీల డాక్టర్ జయంతి గారి గదిలో కూర్చోగానే నోరు తెరిచింది నేనే. పొడి సంగతి, బార్ల సంగతి, అందులో కలిసిన క్రియాటిన్ సంగతి అంతా ఏకరువు పెట్టాను.

ఆవిడ ఓపిగ్గా విన్నారు. క్రియాటిన్ ఒంట్లో మారి క్రియాటినిన్ అవుతుందని, అది తీసుకునేవాళ్లకి కిడ్నీలు బాగున్నా ఆ అంకె కాస్త పెరగొచ్చని చెప్పారు. రక్తమిచ్చిన రోజు పొద్దున కూడా జిమ్ముకి వెళ్లొచ్చాడు కాబట్టి మూత్రంలో ప్రొటీన్ అందువల్ల కావచ్చన్నారు. మిగతా పొడి సంగతి అడిగితే, పాలు విరిగాక మిగిలే తేటలోంచి తీసేదే కదా, మంచి కిడ్నీలున్నవాళ్లకి అదేం విషం కాదన్నారు. తిండి సరిగ్గా తినేవాళ్లకి అక్కర్లేదు, తినే తీరిక లేనివాళ్లకి ఒక వెసులుబాటు, అంతకు మించి అందులో మహిమ లేదట. కాళ్లు వాస్తున్నాయా అని అడిగారు. లేదన్నాడు. అప్పటికి అది నిజమే.

"నాలుగు వారాలు అన్నీ ఆపేయండి. పరీక్షకి ముందు రెండు మూడు రోజులు కసరత్తు వద్దు. కండతో సంబంధం లేని ఇంకో రక్తపరీక్ష కూడా అప్పుడే చేద్దాం. డబ్బా వల్లే అయ్యుండొచ్చండి, కాకపోనూ వచ్చు," అన్నారు.

ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. ఇంటికి రాగానే డబ్బాని అటక మీదికి విసిరేశాను.

ఆ నెల మా వంటింట్లో నాదే రాజ్యం. పొద్దున నాలుగు గుడ్లు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, పప్పు, కోడికూర. సాయంత్రం జిమ్ముకి ముందు గుప్పెడు వేయించిన చెనక్కాయలు, అరటిపండు. రాత్రి గిన్నెడు పెరుగు. శనివారం మీల్ మేకర్ కూర, మొలకెత్తిన పెసలు. ఆ మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే అని తెలిశాక, ఇంత చవకైన దాన్ని వదిలేసి మనుషులు డబ్బాల వెంట ఎందుకు పడతారా అని నాకు మళ్లీ కోపం వచ్చింది. వలిచిన గుడ్లు ఆఫీసుకి పంపాను. పక్క సీటువాళ్లెవరూ ముక్కు మూసుకోలేదు, పైగా ఒకతను ఉప్పూ మిరియాలూ తెచ్చుకుని చెయ్యి చాపాడట. చైతన్య ఎత్తే బరువులు తగ్గలేదు. రోజూ అడిగేదాన్ని. అంతే ఎత్తుతున్నానే తల్లీ, వదిలెయ్ అనేవాడు.

సాయంత్రాలు తలనొప్పి అనేవాడు. డబ్బా అలవాటు పోయేదాకా అంతేలే అన్నాను. మూత్రంలో నురగ ఎక్కువొస్తోందని ఒకసారి అన్నాడు. డబ్బా విషం దిగుతోందిలే అన్నాను. పొద్దున కళ్ల కింద ఉబ్బి ఉండేది. నిద్ర బాగా పడుతోంది, మొహం నిండుగా కనబడుతోంది అనుకున్నాను. ప్రతిదానికీ నా దగ్గర జవాబుంది, ప్రతి జవాబులోనూ ఆ డబ్బానే ఉంది.

మూడో వారంలో అతన్ని తీసుకురావడానికి నేనే జిమ్ముకి వెళ్లాను. కోచ్ వినయ్ బయటే ఉన్నాడు. నల్లగొండ పిల్లాడు, అక్కడ బల్ల మీద డబ్బాలు పేర్చి అమ్మేది కూడా అతనే. మా గుడ్ల సంగతి విని దెప్పుతాడనుకున్నాను. దెప్పలేదు.

"గుడ్లే మంచివి వదినా. టైం లేనోళ్లు కొంటరు గివి," అన్నాడు. ఆగి, కొంచెం గొంతు తగ్గించాడు. "గానీ ఒక్క మాట. క్రియాటిన్ బంద్ జేస్తే ఒంట్ల నీళ్లు దిగుతయ్. తక్కువల తక్కువ కిలో తగ్గాలె. అన్న తగ్గలే, ఉల్టా రెండు కిలోలు పెరిగిండు. జర చూస్కోండ్రి."

నాకు నవ్వొచ్చింది. కాదు, గర్వమొచ్చింది. వాడి డబ్బా మానినా మనిషి రెండు కిలోలు ఎక్కాడంటే అది నా కోడికూర, నా పెరుగు. దారిపొడుగునా చైతన్యతో అదే చెప్పాను. ఇంటికి వచ్చి వదినకి ఫోన్ చేసి అదే చెప్పాను. వదిన చాలా సంతోషించింది.

"డబ్బా మానిపిచ్చినావు, అది చాలు భార్గవీ," అంది. "ఈసారి అంకె దిగుతాది. నాకు తెలుసు."

ఆ రాత్రి చైతన్య సాక్సులు విప్పుతుంటే చీలమండల చుట్టూ లోతుగా గీత పడి ఉంది. సాక్సులు బిగుతుగా ఉన్నాయి, కొత్తవి కొందాం అన్నాను.

నాలుగు వారాలయ్యాక మళ్లీ రక్తమిచ్చాం. ఈసారి జిమ్ము లేదు, పొడి లేదు, ముందురోజు మాంసం కూడా పెట్టలేదు. నాకు తెలిసి ఇంత నియమంగా ఎవరూ పరీక్షకి వెళ్లి ఉండరు. రెండు రోజుల తర్వాత జయంతి గారు పిలిచారు. ఆవిడ కాగితం వైపు కాకుండా చైతన్య మొహం వైపు చూశారు. తర్వాత కాలు పైకెత్తమని, చీలమండ పైన వేలితో నొక్కి చూశారు.

అంకె దిగలేదు. రెండుకి దగ్గరపడింది. కండతో సంబంధం లేని ఆ రెండో పరీక్ష కూడా అదే చెప్పింది. మూత్రంలో ప్రొటీన్ మొదటిసారి కంటే ఎన్నో రెట్లు పోతోంది. పెరిగిన రెండు కిలోలు నా కోడికూర కాదట. ఒంట్లో నిలిచిన నీరట.

"అయితే డబ్బానేనా మేడం చేసింది?" అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"కాదమ్మా," అన్నారు జయంతి గారు. "డబ్బా అయితే బాగుండేది."

ఆ తర్వాత ఆవిడ చెప్పినవన్నీ నాకు దూరం నుంచి వినిపించాయి. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలి. వాళ్లక్కకి వచ్చినదే ఇతనికీ ఉందేమో తెలుసుకోవాలి, ఇంట్లో అందరికీ పరీక్షలు చేయించాలి. పట్టుకోవడం మరీ ఆలస్యం కాలేదు, మందులున్నాయి. కిడ్నీ ఇవ్వడం అన్న మాట ఇక మర్చిపోవాలి. తిండి మార్చాలి. ఉప్పు తగ్గించాలి. గుడ్లు, మాంసం, పప్పు, పెరుగు, ఏది ఎంత తినాలో ఇకమీదట ఆవిడే చెప్తారు. ప్రొటీన్ డబ్బాలోంచి వచ్చినా కోడిలోంచి వచ్చినా ఆ కిడ్నీలకు బరువేనట. నెలరోజులు గెలిచానని ఊరేగించిన నా నాలుగు గుడ్లు కూడా ఇక అతనికి ఎక్కువే.

నాకు ఆ డబ్బా మీద ప్రేమ పుట్టింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను. అది పాపిష్టిదై ఉంటే, దాన్ని తిట్టుకుంటూ ఇంటికి వెళ్లిపోయేదాన్ని. అది ఏ పాపమూ ఎరగదు. అటక మీద దుమ్ము పట్టి కూర్చుని ఉంది.

కార్లో కూర్చున్నాక నా ఫోన్ మోగింది. వదిన. డయాలసిస్ మంచం మీద నుంచే చేసింది. వెనక మిషన్ చప్పుడు వినిపిస్తోంది. చైతన్య ఎత్తమన్నట్టు తలూపి, వంగి సాక్సు విప్పడం మొదలుపెట్టాడు.

"భార్గవీ, దిగిందా?" అంది వదిన.

డాక్టర్ చేసినట్టే నేనూ అతని చీలమండ పైన వేలితో నొక్కి చూశాను. గుంట పడింది. వేలు తీసేశాను. గుంట అలాగే ఉంది.

"చెప్పు భార్గవీ," అంటోంది వదిన. "డబ్బా మానినాడు గదా. దిగే ఉంటాది."