ఐసు పెట్టెలో రెండో పెన్ను

గంగారత్నానికి ఒక నమ్మకం ఉంది. పాడైపోయేది ఏదైనా సరే, ఐసులో పెడితే పాడవదు. పుట్టిన దగ్గర్నుంచీ రొయ్యల వాసన మధ్య బతికిన మనిషి, ఇంకేం నమ్ముతుంది. రేవులో తెల్లారుజామున పట్టిన సరుకు సాయంత్రం దాకా మెరుస్తూ ఉండటం కళ్ళారా చూసిన మనిషి. ఐసు తప్ప ఇంకో దేవుడు లేడనేంత గురి ఆమెకి.

ఆమె మొగుడు కొండలయ్య రొయ్యలు కొని, పెట్టెల్లో సర్ది, మినీ వ్యానులో బెజవాడ తోలుతాడు. వాళ్ళకి ఒక్కత్తే కూతురు, పద్మశ్రీ. తొమ్మిదో తరగతి. దేవుడు వీళ్ళతో ఎంత వెటకారం ఆడాడో చూడండి. ఊరంతా రొయ్యల మీద బతుకుతుంటే, ఈ పిల్లకి రొయ్య గొంతు దిగితే ప్రాణం మీదికొచ్చేది. రెండుసార్లు అలా జరిగింది. ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు ఇంతలావు వాపు, ఊపిరి ఈలలా మోగడం. రెండోసారి చల్లపల్లి డాక్టరు రాజ్యలక్ష్మిగారు పిల్లని బతికించి, ఇంగ్లండులో ఉన్న స్నేహితురాలి చేత రెండు పెన్నులు తెప్పించి గంగారత్నం చేతిలో పెట్టారు. లావుపాటి బాల్‌పెన్నంత ఉంటాయవి. లోపల మందు, లోపలే సూది.

‘‘అడ్రినలిన్ అమ్మా ఇది. వెనక బూడిద రంగు మూత పీకాలి. నల్ల కొసని తొడ పక్కన, ఇదిగో, మధ్యలో, బయటివైపు గట్టిగా అదమాలి. టక్కుమంటుంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా తియ్యకూడదు. బట్టల మీదనించే వెయ్యొచ్చు’’ అన్నారావిడ.

‘‘ఇంజక్షనంటే పిర్రకి గదండీ?’’

‘‘పిర్రకి వద్దు, చేతికీ వద్దు. తొడ కండలోంచే త్వరగా ఒంట్లోకెళ్తుంది. వేసి, కాళ్ళెత్తి పడుకోబెట్టు. ఊపిరాడకపోతే కూర్చోబెట్టు, నడిపించకు. పది, పదిహేను నిముషాల్లో తేరుకోకపోయినా, తేరుకుని మళ్ళీ మొదలైనా రెండోది వెయ్యాలి. అందుకే రెండిచ్చా. రెండూ పిల్ల దగ్గరే ఉండాలి, జంటగా. ఐసులో, ఫ్రిజ్జులో పెట్టకు, చలికి లోపలి మర పట్టేసి సూది దిగకపోవచ్చు. ఇంకోమాట. పిల్ల లేచి గంతులేసినా సరే, నా దగ్గరికి తీసుకురావాల్సిందే.’’

‘‘తగ్గిపోతే ఎందుకండీ?’’

‘‘తగ్గేది మందు బలంతో. ఆ బలం కాసేపే ఉంటుంది. తిన్నది ఒంట్లోనే ఉంటుంది గదా. కొన్ని గంటలయ్యాక మళ్ళీ తిరగబెట్టొచ్చు. అది నా కళ్ళ ముందు జరగాలి.’’

గంగారత్నం అన్నీ విన్నది. ఇంటికొచ్చి దిండు మీద సాధన చేసింది. ఉత్త బాల్‌పెన్ను పట్టుకుని దిండుకి అదిమితే పద్మశ్రీ పక్కన కూర్చుని లెక్కపెట్టేది. ఆరు దగ్గర ఆపి, ‘‘అమ్మా, నీకు లెక్కలు రావు, తీసేశావ్, నేను చచ్చిపోయా’’ అని నాలుక బయటపెట్టి పడిపోయేది. ‘‘నోర్ముయ్, పాడు నోరూ నువ్వూ’’ అని వీపు మీద ఒక్కటేసేది తల్లి. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు.

అన్నీ విన్నదన్నానుగా. ఒక్కటి మాత్రం మనసుకి ఎక్కించుకోలేదు. మే నెలొచ్చింది. రేకుల ఇల్లు పొయ్యిలా కాగుతోంది. అంత ఖరీదైన మందు, సముద్రం దాటొచ్చిన మందు, ఈ ఎండకి ఉడికిపోదా? డాక్టరమ్మ రొయ్యలమ్ముకుందా, ఐసు సంగతి ఆవిడకేం తెలుసు? ఒక పెన్ను పిల్ల సంచిలో ఉంచింది. రెండోదాన్ని ప్లాస్టిక్ కవర్లో మూడు మడతలు చుట్టి, ఇంట్లో వాడుకునే చిన్న తెర్మాకోల్ పెట్టెలో ఐసు ముక్కల కింద దాచింది. రోజూ కొత్త ఐసు వేసేది. అంత శ్రద్ధ.

ఆ ఆదివారం వీధి చివర ఆడపడుచు శౌరమ్మ ఇంట్లో పుట్టిన రోజు భోజనాలు. కోడికూర, గోంగూర. రొయ్యలు లేవని శౌరమ్మ ఒట్టేసి మరీ చెప్పింది. అబద్ధం కాదది, పాపం. రొయ్యలు లేవు. గోంగూరలో రుచికని వంటామె వేసిన ఎండురొయ్యల పొడి మాత్రం ఉంది. పొడి కొడితే అది రొయ్య కాదు, మసాలా. మా వైపు ఎవర్నడిగినా అంతే చెబుతారు.

మూడో ముద్దకి పద్మశ్రీ మెడ గోక్కుంది. నాలుగో ముద్ద మింగలేదు. ‘‘అమ్మా, గొంతులో అదే’’ అన్నది.

జనం మూగారు. ఒకరు మజ్జిగన్నారు, ఒకరు దిష్టన్నారు. గంగారత్నం ఎవరి మాటా వినలేదు. పిల్లని చాప మీద పడుకోబెట్టి సంచిలోంచి పెన్ను లాగింది. ‘‘చేతికెయ్యి వదినా, తొందరగా ఎక్కుద్ది’’ అని శౌరమ్మ పిల్ల జబ్బ పట్టుకుంది. ‘‘చెయ్యి తియ్’’ అన్నది గంగారత్నం. బూడిద రంగు మూత పీకి, నల్ల కొసని పరికిణీ మీదనించే తొడ పక్కకి అదిమింది. టక్కుమంది. పది లెక్కపెట్టింది. ఒక్క అంకె తప్పలేదు.

ఎనిమిది నిముషాలు. శౌరమ్మ గోడ గడియారంలో చూస్తూ కూర్చుంది. ఈల తగ్గింది. పెదవులకి రంగొచ్చింది. పిల్ల కళ్ళు తెరిచి, ‘‘గుండె దడదడలాడుతోందే’’ అన్నది. ఆ తల్లి ఏడ్చింది చూడండి, ఊరంతా వినేలా ఏడ్చింది, సంతోషంతో.

వీధిలో ఆటో తోలే మాణిక్యం బండి తీశాడు. చల్లపల్లి పద్నాలుగు కిలోమీటర్లు. సగం దూరం వెళ్ళేసరికి పద్మశ్రీ లేచి కూర్చుని పాట పాడుతోంది. అప్పుడు మోగింది సెల్‌ఫోను. కొండలయ్య.

‘‘ఎట్టుంది పిల్లకి?’’

‘‘బాగుంది. పాటలు పాడతంది.’’

‘‘హమ్మయ్య. ఇక్కడ ఏడు పెట్టెల సరుకు ఎండలో ఉంది. తూకం చూసే దిక్కు లేదు. బాగుంటే తిరిగొచ్చెయ్యరాదా. రేపు పొద్దున చూపిద్దాం.’’

గంగారత్నం కూతురి వంక చూసింది. దద్దు ఒక్కటి లేదు. రేపు పొద్దున అనే మాటలో ఏముంది? ఎంత మామూలు మాట. డాక్టరమ్మ చెప్పింది గుర్తుకొచ్చింది. గుర్తుకు రాలేదని ఎప్పుడూ అబద్ధమాడలేదామె. గుర్తుకొచ్చింది. దాని పక్కనే ఎండలో కుళ్ళిపోతున్న ఏడు పెట్టెలూ గుర్తుకొచ్చాయి. అయినా రెండో పెన్ను ఇంట్లో ఉందిగా అనుకుంది.

‘‘మాణిక్యం, వెనక్కి తిప్పు’’ అన్నది.

ఇంటికొచ్చి పిల్లని మంచం మీద పడుకోమని రేవుకి పరుగెత్తింది. మూడున్నరకల్లా వ్యాను కదిలింది. కొండలయ్య చెయ్యూపి వెళ్ళాడు.

ఆరు కావస్తుండగా వంటింట్లో చేపలు తోముతోంది. ‘‘అమ్మా’’ అన్నది పద్మశ్రీ. గొంతు పిల్లది కాదు. పోయి చూస్తే మెడంతా దద్దుర్లు, మధ్యాహ్నం కంటే పెద్దవి. ఊపిరి మళ్ళీ ఈల.

గంగారత్నం భయపడలేదు, నిజం చెప్పాలంటే. రెండోది ఉంది. చిన్న పెట్టె ఉండే మూలకి పోయింది. మూల ఖాళీ. నేల మీద పెట్టె ఆకారంలో తడి మిగిలి ఉంది.

ఫోను చేసింది. ‘‘ఏవయ్యా, చిన్న పెట్టె ఏదీ?’’

‘‘సరుకు మిగిలితే ఇంటికొచ్చి తీసుకెళ్ళి దాంట్లో సర్దా. ఐసు ఉంది గదాని. ఏం?’’

‘‘పెన్ను దాంట్లో ఉంది.’’

అవతల వ్యాను బ్రేకు కీచుమంది. తర్వాత, ‘‘కంకిపాడు దాటా రత్నం’’ అన్నాడు. ఆ గొంతు ఆమె అంతకుముందెప్పుడూ వినలేదు.

మాణిక్యం మళ్ళీ ఆటో తీశాడు. పద్మశ్రీ తల్లి ఒళ్ళో కూర్చుని ముందుకి వంగిపోయింది. ఎక్కడ వెనక్కి తిరిగారో ఆ మలుపు దాటారు. మధ్యాహ్నం పిల్ల పాట పాడిన మలుపు. ‘‘కాస్త ఓర్చుకో నా తల్లీ, వచ్చేసింది, వచ్చేసింది’’ అంటూనే ఉంది గంగారత్నం. పద్మశ్రీ తల్లి చెయ్యి పట్టుకుని తన తొడ మీద పెట్టుకుంది. ఇక్కడ వెయ్యమ్మా అన్నట్టు. వెయ్యడానికి ఆ చేతిలో ఏమీ లేదు. చల్లపల్లి గడియార స్తంభం కనబడేసరికి ఈల ఆగింది. తగ్గిందనుకుంది తల్లి. ఒక్క క్షణం, పిచ్చిది, తగ్గిందనుకుంది.

రాజ్యలక్ష్మిగారు పరుగెత్తుకొచ్చారు. సిరంజితో తొడలోకి మందు ఎక్కించారు, మళ్ళీ ఎక్కించారు, గొంతులో గొట్టం వేశారు, ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నారు. నలభై నిముషాల తర్వాత ఆవిడ చేతులు ఆగిపోయాయి.

‘‘మొదటిది ఎప్పుడు వేశావమ్మా?’’

‘‘ఒంటిగంటకండీ. పది లెక్కపెట్టానండీ.’’

‘‘మరి అప్పుడే...’’ అని ఆగిపోయారావిడ. మిగతా మాట అనలేదు. అన్నా బాగుండేది.

అప్పుడొచ్చాడు కొండలయ్య. సరుకంతా రోడ్డు పక్కన దింపి వ్యాను వెనక్కి తిప్పుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, నీళ్ళు కారుతూ. ‘‘తెచ్చా, తెచ్చా’’ అంటూ వరండాలో పరుగెత్తుకొచ్చి, గంగారత్నం మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు. కవర్లోంచి రొయ్యల నీళ్ళు ఆ శుభ్రమైన గచ్చు మీద పడుతూ ఉన్నాయి.

పెద్దకర్మ అయిపోయింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళారు. ఓదార్చడానికి తెలిసిన మాటొక్కటే అందరికీ. ఐసులో పెట్టిన మందు ఎటూ చచ్చిపోయుంటుందిలే, ఇంట్లో ఉన్నా పనిచేసేది కాదులే అన్నారు. శౌరమ్మ అన్నది, మాణిక్యం అన్నాడు, కొండలయ్య కూడా అన్నాడు. ఆ మాట పట్టుకునే గంగారత్నం పదకొండు రోజులు అన్నం తిన్నది.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. బీరువా మీదున్న ఆ రెండో పెన్ను దించింది. మంచం మీద పద్మశ్రీ దిండు అలాగే ఉంది. దాని ముందు కూర్చుంది. బూడిద రంగు మూత పీకింది. నల్ల కొసని దిండుకి అదిమింది.

టక్కుమంది.

ఒకటి నుంచి గట్టిగానే లెక్కపెట్టింది. ఆరు దగ్గర కూడా తియ్యలేదు. పది అన్నాక తీసింది. సూది బయటికొచ్చి ఉంది. దిండు గలీబు మీద రూపాయి బిళ్ళంత తడి, వేలు పెట్టి చూస్తే చల్లగా తగిలింది.

మందు బాగానే ఉంది.