ఆరు పచ్చసొనల ఘోటాలా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తిండి పారేస్తే ఇక చెప్పనక్కర్లేదు.

మా అబ్బాయి రవీంద్ర సూరత్‌లోని బమ్రోలిలో మగ్గాల షెడ్డులో పని దిగి నేరుగా జిమ్ముకు పోతాడు. కండల కోసం రోజుకు ఆరు ఉడికించిన గుడ్లు తింటాడు, అదీ తెల్లసొన ఒక్కటే. పచ్చసొన పారేయమని జిమ్ము మాస్టరు చెప్పాడట. నాకు ఒళ్లు మండింది.

"పారేయనీకి అదేమన్న చెత్తనా? మీ బాపు తింటడు," అన్నాను.

బాపు అంటే మా ఆయన సోమలింగం. రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. అప్పటి నుంచి మనిషి చిక్కిపోయాడని నా బెంగ. అందుకే రోజూ ఆ ఆరు పచ్చసొనలూ చిదిమి, ఇక్కడి బండ్ల మీద చేసే గుడ్ల ఘోటాలా లాగా వెన్న దండిగా వేసి వేయించి పెట్టేదాన్ని. పళ్లెం ఊడ్చినట్టు తినేవాడు. మూడు నెలల్లో బుగ్గలు నిండాయి. అంతా నా చేతి చలవే అని మురిసిపోయాను.

ముగ్గురం ఆస్పత్రికి పోయిన రోజు డాక్టరమ్మ రిపోర్టు చూసి మొహం మార్చింది. డెబ్బై లోపు ఉండాల్సిన చెడు కొలెస్ట్రాల్, పోయినసారి అట్లాగే ఉన్నది, ఇప్పుడు నూట పద్దెనిమిదికి ఎక్కింది. ఇట్లాగే ఉంటే రక్తనాళం మళ్లీ పూడుకుపోవచ్చంది.

"మాత్రలు మానేశారా? ఏం తింటున్నారు?"

"మాత్రలు మానలే మేడం. రోజు బండి మీద గుడ్ల ఘోటాలా తింటున్న," అన్నాడు ఆయన. నా వైపు చూడనైనా లేదు.

తప్పు నాది, మాట పడేది ఆయన. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"అబద్ధం మేడం. నేనే పెట్టిన. పారేయ మనసొప్పలే," అన్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. గుడ్డులోని కొలెస్ట్రాల్ చాలామందిలో రక్తానికి కొద్దిగానే చేరుతుందనీ, కొందరిలో ఎక్కువ చేరుతుందనీ, వెన్న అంతకన్నా ఎక్కువ చేటనీ చెప్పింది. గుండెజబ్బు మనిషికి రోజూ ఆరు మరీ ఎక్కువంది. తెల్లసొనలో కొలెస్ట్రాల్ ఉండదట. మావాడికి కూడా పరీక్ష చేయించింది. తొంభై వచ్చింది, గుండెజబ్బు లేనివాడికి అది ఫర్వాలేదట. రోజుకో గుడ్డు పచ్చసొనతో సహా తినవచ్చు, అందులోనూ ప్రొటీన్ ఉందని వాడితో అంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఘోటాలా, వెన్న రెండూ బంద్. రెండు నెలలు నాకు నిద్ర సరిగా పట్టలేదు. మళ్లీ పరీక్ష చేయిస్తే అరవై నాలుగు వచ్చింది. నేను ఆస్పత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చాను, సంతోషంతోనే.

మా ఆయన పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు, "ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. నాకు పచ్చసొన రుచి చిన్నప్పటి సంది పడది."

"మరి మూడు నెలలు ఎట్ల తిన్నవయ్యా?"

"నువ్వు ఎదురుంగ కూసుంటివి గద. తింటుంటే నీ మొకంల సంబురం సూసి తిన్న."