212 నంబరు చలానా

కర్నూలులో మా యజమాని దేవేంద్రప్ప హోల్‌సేల్ దుకాణంలో వంటసరుకులూ దొరుకుతాయి, బాత్రూములు కడిగే మందులూ దొరుకుతాయి. అక్కడ బిల్లులు రాసేది నేను, రత్నమణి. హాస్టళ్లు, లాడ్జీలవాళ్లు రోజూ ఫోన్ చేసి కిలో, అరకిలో అడుగుతుంటారు. వాళ్లతో ఏడాదికి కాంట్రాక్టు రాసుకున్నాం. సరుకు వెంట, ఏది ఎంత పంపామో రాసిన చలానా పోతుంది. తీసుకున్నవాళ్లు సంతకం పెట్టి ఒక కాపీ తిప్పి పంపుతారు. నెలాఖరున ఆ కాపీలను ఖాతావారీగా కట్టలు కట్టి, నెలంతటికీ ఒకే బిల్లు, దాంతోపాటు స్టేట్‌మెంటు తయారు చేస్తాను. పాత బాకీ, ఈ నెల బిల్లు, కట్టింది, ఇంకా రావాల్సింది, అన్నీ అందులో ఉంటాయి. సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఒక్కరూ చలానా చదవరు. "నెలాఖర్లో సూసుకుందాం లేప్పా" అంటారు. చూసుకునేది ఎవరయ్యా అంటే నేనొక్కదాన్నే.

ఆ శనివారం నెలాఖరు. పొద్దున పదిన్నరకు కోడుమూరు హాస్టల్ కట్ట విప్పాను. గురువారం వాళ్ల పేరున రాసిన 214 నంబరు చలానా అందులో లేదు. దాని బదులు కోడుమూరు లాడ్జి పేరున రాసిన 212 ఉంది, కింద హాస్టల్ వార్డెన్ రెజీనా సంతకంతో. లాడ్జి కట్ట విప్పితే 214 అక్కడుంది. వ్యాన్ తోలే పరమేష్‌కు కళ్లు నెత్తికెక్కాయని తిట్టుకుంటూ రెండు కాగితాలనూ అటూ ఇటూ మార్చబోయాను. అప్పుడు సంతకం పక్కన రెజీనా రాసిన ముక్క కనబడింది. "ప్యాకెట్ మీద నంబరు 212. సరిపోయింది."

అంటే మారింది కాగితం ఒక్కటే కాదు, ప్యాకెట్ కూడా. మేం ప్యాకెట్ల మీద సరుకు పేరు రాయం, చలానా నంబరు ఒక్కటే రాస్తాం. పని తొందరగా తెములుతుందని ఆ పద్ధతి పెట్టిన మహాతల్లిని నేనే. 214 అంటే హాస్టల్ అడిగిన నిమ్మ ఉప్పు. 212 అంటే లాడ్జి అడిగిన ఆక్సాలిక్, దుప్పట్ల మీది తుప్పు మరకలు పోగొట్టే మందు. రెండూ తెల్లటి పలుకులే, రెండూ పులుపే. మొదటిది అన్నంలో వేసేది, రెండోది విషం. శనివారం మధ్యాహ్నం హాస్టల్లో చిత్రాన్నం. నిమ్మకాయలు కొనలేక నిమ్మ ఉప్పే వేస్తారు. తినేది నూట ఎనభై మంది పిల్లలు.

రెజీనాకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను.

"ఏమైందిమ్మా?" అంటూ దేవేంద్రప్ప గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చాడు. చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు.

"ఫోన్లో విషమని అనొద్దు. కేసులైతాయి. ప్యాకెట్ మారినాది, వాడొద్దు అని సెప్పు, సాలు."

"యాడ సాలుతుందన్నా? అట్లంటే తిన్నాక సూస్తాం లే అంటారు."

ఆరోసారి రెజీనా ఎత్తింది.

"అక్కా, గురువారం వచ్చిన ప్యాకెట్ విషం! చిత్రాన్నంలో ఏసినారా?"

"గిడ్డమ్మా! ఆపు గిడ్డమ్మా!" అని అరుపు, తర్వాత పరుగెత్తే చప్పుడు. గిడ్డమ్మ వాళ్ల వంటమనిషి. అవతల ఏదో గిన్నె దొర్లిన మోత. నాకు తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాను, తెలియనివాళ్లను కూడా.

"నీళ్లల్లో కరగబెట్టి పెట్టుకున్నాది. అన్నంలో ఇంకా పోయలేదు" అంది రెజీనా, ఎగరొప్పుతూ. "పారబోపిస్తి. దేవునికి స్తోత్రం."

నేను కట్టల మీదే తల పెట్టి ఏడ్చేశాను. దేవేంద్రప్ప కుర్చీలో కూలబడి నీళ్లు తాగాడు.

"రత్నమణీ, ఒక మాట అడుగుతా" అంది రెజీనా. "పోయిన నెల చిత్రాన్నం తిన్న దినమే ఇరవై మందికి వాంతులైనాయి. ఇద్దరికి ఆస్పత్రిలో మూడు దినాలు సెలైన్ ఎక్కించినారు. నీళ్లు బాగలేవనుకుంటిమి. అది గాని..."

నా ఏడుపు ఆగిపోయింది. పోయిన నెల కూడా ఈ రెండు కట్టల్లోనూ ఒక్కో కాగితం తారుమారైంది. దేని కట్టలో దాన్ని నేనే సర్దాను. మారింది కాగితాలే అనుకున్నాను, సరుకు మారి ఉంటుందని నాకు తట్టనే లేదు.

బీరువాలోంచి పాత కట్ట తీశాను. లాడ్జి చలానా, ఆక్సాలిక్ అరకిలో. కింద రెజీనా సంతకం.

దేవేంద్రప్ప అది చూసి ఫోన్‌కు అరచెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ నెల లెక్క అయిపోయినాది. స్టేట్‌మెంటు సరిపోయిందని వాళ్లే సంతకం పెట్టి దుడ్లు గూడా కట్టినారు. నోరెత్తొద్దు. ఇద్దరమూ జైలుకు పోతాం."

నిజమే. ఇంట్లో నా సంపాదనతోనే పొయ్యి వెలుగుతుంది.

"ఉండావా రత్నమణీ?"

ఆయన చెయ్యి తోసేశాను.

"ఉండానక్కా. అది గూడా మా సరుకే. ఆ కాగితం తీసి సర్దిపెట్టింది నేనే."