నాలుగో మెట్టు మీద అపవాదు

శనివారం సాయంత్రం నాలుగింటికి స్కూల్ ఖాళీ అయిపోతుంది. కంప్యూటర్ గది బాగోగులు చూసే ఉద్యోగం చిట్టిది, ఆమె ఒక్కతే అక్కడ మిగులుతుంది. ముప్పై యంత్రాలకూ తలలో నాలుక ఆమే, పలకరించడానికి మాత్రం ఒక్కరూ ఉండరు. వారమంతా ఎదురుచూసేది ఈ వేళ కోసమే, అక్కకు నెట్ మీద ఫోన్ చేయడానికి.

ఆ ఫోన్ కూడా ఇప్పుడు పీకులాటే. ఏమడిగినా జవాబు ఆలస్యంగా వస్తుంది. ఈలోగా చిట్టి ఇంకేదో అనేస్తుంది, ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడతాయి. బావ పోయాక రెండేళ్లుగా ఇదే తంతు. అప్పుడు స్కూల్లో పరీక్షల సర్వర్ మొరాయించిందని చిట్టి అక్క దగ్గరికి పది రోజులు ఆలస్యంగా వెళ్లింది. అక్క పల్లెత్తు మాట అనలేదు. ఆలస్యమంతా నెట్‌దేనని చిట్టి నమ్మకం. అది సరిచేస్తే అక్క మళ్లీ పాత అక్కలా గలగలా మాట్లాడుతుందని ఆశ.

పింగ్ అంటే ఒక చిన్న పలకరింపు పంపి, బదులు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడటం. ట్రేస్‌రూట్ అదే పనిని దారిలో ఉన్న ఒక్కో రౌటర్ దగ్గరా, అంటే ఒక్కో మెట్టు దగ్గరా, చేస్తుంది. కిందటి వారం అక్క ఇంటి రౌటర్ చిరునామాకు ట్రేస్‌రూట్ నడిపింది. ఒకటి, ఎనిమిది, పదకొండు. నాలుగో మెట్టులో మూడు వందల నలభై! దొంగ దొరికాడనుకుని అక్కడితో ఆపేసి, నెట్ కంపెనీకి నిప్పులు చెరుగుతూ ఉత్తరం రాసింది.

ఈ రోజు కంపెనీ ఇంజనీర్ ఫోన్ చేశాడు. పెద్దాయన గొంతు.

"ఏమ్మా, చివరిదాకా నడవనిచ్చారా?"

"లేదండీ. నాలుగో దాంట్లోనే తెలిసిపోయిందిగా."

"అక్కడే పప్పులో కాలేశారు. ఆ రౌటర్‌కి వచ్చిన డేటాను ముందుకు దాటించడమే అసలు పని. మీ పలకరింపుకి బదులివ్వడం తీరిక దొరికితే చేసే పని. దాని తర్వాత మెట్లు మళ్లీ తక్కువ చూపిస్తే అది నిర్దోషి. ఎక్కడ పెరిగి, ఆ తర్వాత తగ్గకుండా ఉంటుందో అక్కడ వెతకండి. అటువైపు నుంచీ ఒకసారి నడిపించండి."

చిట్టి నాలుక కరుచుకుంది. చివరిదాకా నడవనిచ్చింది. నాలుగోది ఎప్పటిలాగే మూడు వందల పైన, ఐదోది పదమూడు, ఆరోది పంతొమ్మిది. అక్క రౌటర్ దగ్గర మాత్రం పన్నెండు వందల యాభై.

వెంటనే అక్కకు ఫోన్ చేసి, ల్యాప్‌టాప్ తెరిపించి, స్కూల్ సర్వర్‌కు ట్రేస్‌రూట్ కొట్టించింది. కొట్టాల్సిన అక్షరాలు ఒక్కొక్కటే చెప్పింది.

"చదువక్కా."

"మొదటిది రెండు. రెండోది పదమూడు వందలు. మూడోది పదమూడు వందల పది. కిందవన్నీ అలాగే ఉన్నాయే."

మొదటి మెట్టు అక్క సొంత రౌటర్. అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు. అది దాటి కంపెనీకి వెళ్లే తీగలోనే రద్దీ.

"ఇప్పుడేమైనా పైకి పంపిస్తున్నావా అక్కా?"

"కుట్టు పాఠాల వీడియోలు. శనివారమే కదా నాకు తీరిక. నీతో మాట్లాడేటప్పుడే ఎక్కిస్తుంటాను."

"అవి లైనంతా ఆక్రమించేశాయి. మన మాటలు వాటి వెనక క్యూలో నిలబడుతున్నాయి. ఒక్కసారి ఆపు."

అక్క ఆపింది. చిట్టి అక్క రౌటర్‌కు ఆపకుండా పింగ్ నడిపింది. తెర మీద అంకెలు దిగాయి: ఇరవై రెండు, ఇరవై మూడు, ఇరవై రెండు. సంతోషంతో ఆమె కుర్చీలో ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అక్కా, ఎలా ఉన్నావు?"

ఇరవై రెండు. ఇరవై రెండు. ఇరవై మూడు. పింగ్ సెకనుకొక వరుస రాస్తోంది. నాలుగు వరుసలు గడిచాయి.

"బానే ఉన్నానే."

చిట్టి తెర వైపు చూస్తూనే ఇంకోటి అడిగింది. మళ్లీ మూడు వరుసలు. నిందించడానికి ఇక ఏ రౌటరూ మిగల్లేదు.

"అక్కా, లైను బాగైపోయింది."

"తెలుస్తోంది." కాస్త ఆగింది. "బాగవకపోతేనే బావుండేది. నేను ఆచితూచి మాట్లాడుతుంటే నువ్వు నెట్ అనుకునేదానివి. నాకూ అదే హాయిగా ఉండేది."

"ఆచితూచి ఎందుకక్కా? నాతోనా?"

"ఒక్కదాన్నే పది రోజులు గుమ్మం వైపు చూశానే చిట్టీ. నోరు తెరిస్తే అదే వస్తుందని భయం."

చిట్టి సర్వర్ సంగతి చెప్పాలని నోరు తెరిచింది. రెండేళ్లుగా అదే చెప్పుకుంది కానీ, ఇప్పుడు ఎంత వెతికినా ఒక్క మాటా దొరకలేదు. తెర మీద వరుసలు ఒకదాని కింద ఒకటి పేరుకుంటున్నాయి.

"చిట్టీ, వినబడుతోందా? లైను పోయిందా?"

"లేదక్కా," అంది చిట్టి, చాలాసేపటికి. "నేనే."